అద్దె ఇచ్చే చేత్తోనే రసీదు అడుగుదాం



ఈ కరపత్రం హైదరాబాద్ బస్తీల్లో, కాలనీల్లో ఒక గది, రెండు గదులు, చిన్న పోర్షన్ అద్దెకు తీసుకుని బతుకుతున్న మనందరి కోసం. బోరబండలో ఉన్నా, యూసుఫ్‌గూడలో ఉన్నా, ఉప్పల్ అవతల ఉన్నా మన పద్ధతి ఒకటే. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తాం, ఇల్లు చూస్తాం, రెండు నెలల అద్దె అడ్వాన్సుగా చేతిలో పెడతాం, మంచిరోజు చూసుకుని పాలు పొంగిస్తాం. ఓనరు మన ఆధార్ జిరాక్స్ అడిగి తీసుకుంటాడు. మనం మాత్రం ఏమీ తీసుకోం. ఆ రోజు ఇచ్చిన అడ్వాన్సుకు మన దగ్గర ఒక్క చీటీ ఉండదు. ఆ తర్వాత ప్రతి నెలా ఇచ్చే అద్దెకూ అంతే.

చాలా ఇళ్లల్లో దీనివల్ల ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ రాదు. ఓనర్లలో మంచివాళ్లే ఎక్కువ. ఇబ్బంది వచ్చేది ఇల్లు ఖాళీ చేసే రోజున. ఆ రోజు సామాను ఆటో ట్రాలీలో ఎక్కించి ఉంటుంది, కొత్త ఇంటికి అడ్వాన్సు అప్పటికే ఇచ్చేసి ఉంటాం, పాత అడ్వాన్సు చేతికొస్తే గానీ ఆ నెల గడవదు. గట్టిగా మాట్లాడే ఓపిక కూడా ఉండదు. లెక్క తేలాల్సింది సరిగ్గా ఆ గంటలోనే.

ఒక కుటుంబం అనుకోండి. ఆయన ఆటో నడుపుతాడు, ఆమె ఇంట్లోనే మిషను కుడుతుంది. అద్దె 7,500, అడ్వాన్సు 15,000. ఏడాది తర్వాత అద్దె 8,000 అయింది. ఇల్లు పెద్దాయన పేరు మీద ఉంది. అద్దె తీసుకునేది మాత్రం ఎక్కువగా పెద్దకొడుకు. ఒకటో తారీఖుకీ ఐదో తారీఖుకీ మధ్య ఎప్పుడో బండి మీద వచ్చి, గేటు దగ్గరే నిలబడి, నగదు తీసుకుని వెళ్లిపోతాడు. మూడేళ్లు అలాగే గడిచింది. పిల్లల బడి దూరమైందని వీళ్లు ఒక నెల ముందే చెప్పి ఇల్లు ఖాళీ చేశారు.

తాళంచెవి ఇచ్చిన రోజు పెద్దాయన ఒక లెక్క చెప్పాడు. ఏప్రిల్ అద్దె నాకు ముట్టలేదు, 8,000. గోడలు మాసిపోయాయి, పెయింటింగుకు 5,000. నీళ్ల మోటారు కరెంటు బిల్లులో మీ వాటా 1,200. బాత్రూం కుళాయి విరిగింది, 600. అన్నీ కలిపితే 14,800. అడ్వాన్సు 15,000లో మీకు రావాల్సింది 200.

ఆమెకు ఏప్రిల్ అద్దె ఇచ్చిన సంగతి బాగా గుర్తుంది. పెళ్లి బ్లౌజుల డబ్బు వచ్చిన రోజే పెద్దకొడుకు వస్తే, ఆ నోట్లే అతని చేతికిచ్చింది. కానీ చూపించడానికి ఏముంది? పెద్దాయన అబద్ధమాడుతున్నాడని కూడా అనలేం. కొడుకు ఆ డబ్బు ఇంట్లో ఇవ్వకుండా తన అవసరానికి వాడుకుని ఉండొచ్చు. లేదా పెద్దాయన పుస్తకంలో రాసుకోవడం మరిచిపోయి ఉండొచ్చు. నగదు చేతులు మారిన చోట రాత లేకపోతే ఇద్దరు నిజాయితీపరుల మధ్య కూడా ఇలాంటి తగువు పుడుతుంది.

ఇప్పుడు అదే లెక్కను కాగితాలు ఉన్నాయనుకుని మళ్లీ చూద్దాం. ఏప్రిల్ రసీదు మీద పెద్దకొడుకు సంతకం ఉంటే ఆ 8,000 మాట అక్కడే ఆగిపోతుంది. మిగతాది తండ్రీకొడుకులు వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు. పెయింటింగు ఎవరిదో మొదట్లోనే ఒప్పందంలో రాసుకుని ఉంటే ఆ తగువు ఈ రోజు కొత్తగా పుట్టదు. ఏ రాతా లేనప్పుడు కూడా 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ఒక మాట చెబుతోంది. అద్దెకున్నవాళ్లు ఇంటిని తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి, అయితే మామూలు వాడకంలో వచ్చే అరుగుదల దాంట్లోకి రాదు. మూడేళ్లలో సున్నం మాయడం మామూలు అరుగుదలే. గోడకు పెద్ద రంధ్రాలు చేస్తే, తలుపు విరగ్గొడితే అది వేరు. కుళాయి సంగతి ఇంట్లో దిగిన రోజు తీసిన ఫొటో చెబుతుంది. అది అప్పటికే తుప్పుపట్టి ఉందా, మన చేతుల్లో విరిగిందా అన్నది తెలుస్తుంది. మోటారు వాటా 1,200 న్యాయంగా మనం ఇవ్వాల్సిందే. కుళాయి ముందే పాడై ఉందనుకుంటే రావాల్సింది 13,800. చేతికొచ్చింది 200. తేడా 13,600. ఆ ఇంటి లెక్కలో ఇది నెలన్నరకు పైగా అద్దె.

అందుకే ఈ కరపత్రంలో అడుగుతున్నవి రెండే. ప్రతి నెలా అద్దెకు రసీదు, ఇంట్లో దిగేటప్పుడు ఇద్దరూ సంతకం పెట్టిన ఒప్పందం. ఆ రెండింటిలో ఏది ఎంతవరకు పనికొస్తుందో, ఓనరు మనసు నొచ్చుకోకుండా ఎలా అడగాలో చెప్పుకుందాం.

రసీదు సంగతి

రసీదు అడగడం కొత్త కోరిక కాదు. మన దగ్గర 1960 నుంచి ఉన్న అద్దె నియంత్రణ చట్టం, అద్దె గానీ అడ్వాన్సు గానీ తీసుకున్న ప్రతి ఓనరూ తీసుకున్న మొత్తానికి సంతకం చేసిన రసీదు ఇవ్వాలని చెబుతోంది. ఓనరు అద్దె తీసుకోకుండా తప్పించుకుంటే ఏం చేయాలో కూడా ఆ చట్టంలోనే ఉంది. ఏ బ్యాంకులో వేయమంటారో పది రోజుల్లో చెప్పమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. చెప్పకపోతే మనియార్డరు చేయాలి. అదీ తిప్పి పంపితే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేయవచ్చు.

అయితే దీనికి ఒక హద్దు ఉంది. కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు, కట్టి 15 ఏళ్లు నిండని ఇళ్లకు ఆ చట్టం వర్తించదు. ఈ రోజుల్లో మనలో చాలామంది అద్దె ఆ గీత దాటేసింది. కాబట్టి ఓనరు ముందు నిలబడి ఆ చట్టం పేరు ఎత్తితే అది మనకు వర్తించకపోవచ్చు. అంతమాత్రాన రసీదు విలువ తగ్గదు. ఏ కోర్టులోనైనా, ఏ పెద్దమనుషుల దగ్గరైనా ఇచ్చిన డబ్బుకు ఇచ్చినట్టు చూపించాల్సిన భారం ఇచ్చినవాళ్ల మీదే పడుతుంది. రాత ఉన్నవాళ్ల మాట నిలబడుతుంది.

మంచి రసీదులో పెద్ద విషయాలేమీ ఉండవు. తేదీ, ఎవరి దగ్గర్నుంచి, ఎంత, అంకెల్లోనూ అక్షరాల్లోనూ, ఏ నెల అద్దె, ఏ ఇల్లు, నగదా ఫోన్‌పేనా, తీసుకున్నవాళ్ల సంతకం, సంతకం కింద పేరు. వీటిలో జనం ఎక్కువగా వదిలేసేది నెల పేరు. ‘8,000 ముట్టింది’ అని ఉంటే అది ఏప్రిల్‌దా మే నెలదా అన్న తగువు మళ్లీ మిగిలే ఉంటుంది. ‘ఏప్రిల్ నెల అద్దె’ అని రాయించండి. ఓనరు బదులు కొడుకో, తమ్ముడో, వాచ్‌మనో తీసుకుంటే సంతకం పక్కన ‘ఫలానావారి తరఫున’ అన్న ముక్క చేర్చండి. మొత్తం 5,000 రూపాయలు దాటితే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం దాని మీదుగా పోయేలా పెట్టించాలి. స్టాంపులు పోస్టాఫీసులో దొరుకుతాయి, ఏడాదికి సరిపడా ఒకేసారి తెచ్చుకోవచ్చు.

ఫోన్‌పే, గూగుల్‌పేలో పంపిస్తున్నాం కదా, ఇంక రసీదు ఎందుకని కొందరంటారు. అది నగదు కంటే మేలే. కానీ బ్యాంకు లెక్కలో కనిపించేది డబ్బు వెళ్లిందన్న మాట ఒక్కటే. అది అద్దెనా, చేబదులు తీర్చిందా, చిట్టీ డబ్బా అన్నది కనిపించదు. పంపేటప్పుడు మెసేజ్ గడిలో ‘ఏప్రిల్ అద్దె’ అని కొట్టండి. పంపాక ఓనరుకు వాట్సాప్‌లో ‘ఏప్రిల్ అద్దె 8,000 ఇప్పుడే పంపాను సార్, ముట్టిందని ఒక్క మాట చెప్పండి’ అని రాయండి. ‘ముట్టింది’ అని వచ్చిన జవాబును తుడిచేయకండి. ఫోన్ మారిస్తే పాత చాట్ కొత్త ఫోన్లోకి వచ్చిందో లేదో చూసుకోండి. స్క్రీన్‌షాట్ కన్నా బ్యాంకు స్టేట్‌మెంటుకు విలువ ఎక్కువ, ఏడాదికొకసారి తీసి పెట్టుకుంటే చాలు.

ఇంకో సంగతి. డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తోందో చూసుకోండి. ఇల్లు తల్లి పేరు మీద, డబ్బు కోడలి నంబరుకు వెళ్తుంటే తల్లి చేత ఒక్కసారి ‘అద్దె ఈ నంబరుకు పంపండి’ అని మెసేజ్ పెట్టించుకోవాలి. పెద్దవాళ్లు పోయాక అన్నదమ్ముల మధ్య ఇల్లు తగాదాలో పడినప్పుడు, లేదా ఇల్లు అమ్మేసి కొత్త ఓనరు వచ్చినప్పుడు, ఇన్నాళ్లూ అద్దె ఎవరికిచ్చావని మనల్నే అడుగుతారు. అడ్వాన్సు పాత ఓనరు దగ్గరే ఉండిపోతే కొత్తవాళ్లు నాకేం తెలుసంటారు. కొత్త ఓనరు వచ్చారని తెలిసిన వెంటనే అడ్వాన్సు రసీదు చూపించి, ఆ మొత్తం ఇక తమ బాధ్యతేనని వాళ్ల చేత రాయించుకోవడం మేలు.

ఒప్పందం సంగతి

వంద రూపాయల స్టాంపు పేపరు కొని, పదకొండు నెలలకని టైపు చేయించి, నోటరీ ముద్ర కొట్టిస్తే అంతా పక్కా అయినట్టే అని మన దగ్గర ఒక నమ్మకం. పదకొండు నెలలైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఆ లెక్క. దేశంలో చాలా చోట్ల అది నిజమే, ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో రిజిస్ట్రేషన్ చట్టానికి చేసిన సవరణ ఆ గడువును తీసేసింది. మన దగ్గర ఏ లీజు అయినా, ఎన్ని నెలలదైనా రిజిస్టరు చేయించాల్సిందే. రిజిస్టరు కాని కాగితంలోని షరతులను కోర్టు ఒప్పందంగా అమలు చేయదు. స్టాంపు రుసుం తక్కువైతే అది కట్టేదాకా ఆ కాగితాన్ని పక్కన పెడుతుంది.

అలాగని నోటరీ కాగితం వృథా అనుకోవద్దు. మీరు ఆ ఇంట్లో అద్దెదారుగా ఉంటున్నారనడానికి అది పనికొస్తుంది. పిల్లల బడిలో, గ్యాస్ కనెక్షనుకు, ఆఫీసులో చిరునామా చూపించడానికి అడుగుతారు. అంతకన్నా ముఖ్యం, కూర్చుని రాసుకునేటప్పుడే పెయింటింగు ఎవరిది, మోటారు బిల్లు ఎలా పంచుకోవాలి, ఏడాదికి అద్దె ఎంత పెంచాలి అన్నవి నోటితో బయటికి వస్తాయి. తగువులు చాలావరకు మాట్లాడుకోని వాటి మీదే వస్తాయి. ఓనరు ఒప్పుకుని, ఖర్చు భరించగలిగితే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించడమే మంచిది. ఫీజు ఎంతో అక్కడే అడిగి తెలుసుకోండి. కుదరకపోతే ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. అడ్వాన్సుకు విడిగా, వేరే కాగితం మీద రసీదు తీసుకోండి. డబ్బు ముట్టినట్టు రాసిన రసీదు లీజు కాదు, దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రేపు ఒప్పందం కాగితం పక్కకు పోయినా 15,000 వాళ్ల దగ్గర ఉందన్న మాటను ఆ చిన్న కాగితం నిలబెడుతుంది. మీరు ఇంకేమీ చేయలేకపోయినా ఈ ఒక్కటి చేయండి.

ఒప్పందంలో ఇంటి నంబరుతో పాటు ఏ అంతస్తు, ఏ వైపు పోర్షను అన్నది ఉండాలి. కరెంటు మీటరు నంబరు, దిగిన రోజు రీడింగు రాయండి. సబ్‌మీటరైతే యూనిట్‌కు ఎంత అన్నది కూడా రాసుకోవాలి, లేకపోతే ప్రతి నెలా గొడవే. అద్దె ఎంత, ఏ తారీఖులోపు, ఎప్పుడు ఎంత పెరుగుతుంది, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, దాంట్లోంచి వేటికి కోసుకోవచ్చు అన్నవీ రాయాలి. చివరి మాట మీద కాస్త ఎక్కువసేపు కూర్చోండి. ‘పెయింటింగుకు ఒక నెల అద్దె పట్టుకుంటాం’ అని ఓనరు అంటే, రెండేళ్లు దాటి ఉంటే పట్టుకోకూడదనో, సగమేననో అప్పుడే మాట్లాడుకోవచ్చు. ఖాళీ చేసే రోజు ఆ బేరం కుదరదు. ఇక ఖాళీ చేయడానికి ఇద్దరిలో ఎవరైనా ఎన్ని రోజుల ముందు చెప్పాలన్నది. నెలవారీ అద్దెకు ఏ రాతా లేకపోతే చట్టం పదిహేను రోజుల నోటీసు చాలంటుంది. బడి పిల్లలున్న ఇంటికి పదిహేను రోజుల్లో వేరే ఇల్లు చూసుకోవడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. ఒక నెల అనో, రెండు నెలలనో రాయించుకోండి.

ప్రతి పేజీ మీదా ఇద్దరూ సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. ఓనరుగా సంతకం పెట్టేవాళ్ల పేరూ ఇంటి పన్ను రసీదు మీది పేరూ ఒకటేనా చూసుకోండి. అసలు కాగితం ఎవరి దగ్గర ఉన్నా రెండోవాళ్ల దగ్గర సంతకాలున్న జిరాక్స్ ఉండాలి. సామాను దించకముందే గదులన్నీ, కుళాయిలు, స్విచ్‌బోర్డులు, కిటికీ అద్దాలు, మీటరు రీడింగు ఫోన్లో తీసి ఆ రోజే ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. తేదీ దానంతటదే పడుతుంది.

ఎలా అడగాలి

మనం వెనకాడేది ఇక్కడే. కాగితం అడిగితే నమ్మకం లేదా అంటారేమో, ఇల్లు ఖాళీ చేయమంటారేమో అన్న భయం ఉంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అందుకే అడిగే వేళ, అడిగే మాట చూసుకోవాలి.

అద్దె ఆలస్యమైన నెలలో అడగకండి. కుళాయి బాగుచేయించమని అడగడానికి వెళ్లినప్పుడు దీన్ని కలపకండి. వాళ్లింట్లో చుట్టాలున్నప్పుడు, పక్క పోర్షన్ వాళ్లు వింటుండగా అడగకండి. పిల్లల చేత చెప్పి పంపకండి. సమయానికి అద్దె ఇచ్చే రోజు, డబ్బు చేతిలో పెట్టే ముందు అడగడం సరైన వేళ. ఓనరును రాయమనకండి. పది రూపాయలకో ఇరవైకో దొరికే రసీదు పుస్తకం కొని, అన్నీ మీరే నింపి, పెన్నుతో సహా తీసుకెళ్లండి. వాళ్లు చేయాల్సిన పని ఒక్క సంతకమే అయినప్పుడు కాదనడం తక్కువ.

‘అంకుల్, ఈ నెల అద్దె తెచ్చాను, లెక్కపెట్టుకోండి. ముట్టినట్టు ఇందులో రాసుకొచ్చాను, ఇక్కడ ఒక్క సంతకం చేయండి.’

‘ఏందమ్మా కొత్తగా? ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకు? నమ్మకం లేదా?’

‘నమ్మకం లేక కాదంకుల్. ఒక నెల ఆయన ఇస్తున్నారు, ఒక నెల నేనిస్తున్నాను. మీ వైపు ఒకసారి మీరు, ఒకసారి అన్న తీసుకుంటున్నారు. నాకే నెలలు కలిసిపోతున్నాయి. రేపు మీకూ మాకూ లెక్కలో మాట రాకూడదని. ఇంకో కాపీ మీకు కూడా ఉంటుంది.’

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆఫీసులో అడిగారనో, బ్యాంకులో అడిగారనో లేనిది కల్పించకండి. నిజంగా బడిలో చిరునామా అడిగితే ఆ మాటే చెప్పండి. ఓనరమ్మ పెద్దావిడ అయితే ‘అమ్మగారూ, కూర్చోండి, నేను చదివి వినిపిస్తాను’ అని చదివి, తర్వాతే సంతకం అడగండి. కళ్లు కనిపించనివాళ్ల చేత చదవకుండా సంతకం పెట్టించామన్న మాట పడకూడదు. ఓనరు వేరే ఊళ్లోనో, వేరే దేశంలోనో ఉండి బావమరిది అద్దె వసూలు చేస్తుంటే ఓనరుకే రాయండి. ‘సార్ నమస్తే, ఈ నెల అద్దె 8,000 మీ బావమరిదిగారి చేతికి ఇచ్చాను, మీకు తెలిసి ఉండాలని చెబుతున్నాను’ అంటే ఫిర్యాదులా ఉండదు, రాతా ఉంటుంది.

ఓనర్లు వెనక్కి తగ్గేది ఎక్కువగా రెండు భయాల వల్ల. వాటికి జవాబు మనకు తెలిసి ఉండాలి.

ఒకటి, కాగితం ఇస్తే ఇల్లు వాళ్లదైపోతుందన్న భయం. పన్నెండేళ్లు ఉంటే కబ్జా అవుతుందని ఎవరో చెప్పి ఉంటారు. నిజం దీనికి పూర్తిగా వేరు. అద్దె కడుతూ ఉన్నవాళ్లు అద్దెదారులే, ఎన్నేళ్లున్నా ఆ ఇల్లు తమదని అడగలేరు. ఓనరు దగ్గర ఇల్లు అద్దెకు తీసుకున్నానని ఒప్పుకున్నవాళ్లు, ఆ ఇంట్లో ఉండగా ఇంటిమీద ఓనరుకు హక్కు లేదని కోర్టులో వాదించడానికి సాక్ష్య చట్టమే ఒప్పుకోదు. కాబట్టి ప్రతి నెలా రసీదు, ఆ ఇల్లు వారిదేనని మన చేత్తో మనం ఒప్పుకుంటున్న కాగితం. దీన్ని నెమ్మదిగా చెప్పండి. ‘అంకుల్, రసీదు ఉంటే ఇల్లు మీదేనని నేనే రాసిచ్చినట్టు. అది లేకపోతేనే మీకు ఇబ్బంది.’

రెండోది పన్ను భయం. ఏడాదికి 96,000 అద్దె వస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఇంటి పన్ను కట్టింది పోను, మిగిలినదాంట్లో 30 శాతం తీసేసి మిగతాదే ఆదాయంగా చూస్తారు. ఇంటి పన్ను పక్కన పెట్టినా అది 67,200. ఇంకే ఆదాయమూ లేని పెద్దాయనకు దీని మీద ఒక్క రూపాయి పన్ను పడదు. నాలుగైదు పోర్షన్లు, వేరే సంపాదన ఉన్నవాళ్ల సంగతి వేరు, దాని జోలికి మనం పోనక్కర్లేదు. మన ఆఫీసులో అద్దె రాయితీ కోసం రసీదులు ఇవ్వాల్సి వస్తే మాత్రం, ఏడాదికి లక్ష దాటిన అద్దెకు ఓనరు పాన్ నంబరు కూడా అడుగుతారు. ఆ అవసరం ఉన్నవాళ్లు ఇల్లు మాట్లాడుకునేటప్పుడే ఆ మాట చెప్పేయాలి. ఏడాది చివర్లో హఠాత్తుగా అడిగితే ఎవరికైనా కోపం వస్తుంది.

అన్నీ చెప్పినా ఓనరు ‘సంతకాలు గింతకాలు నా వల్ల కాదు’ అంటే వాదన పెంచకండి. ‘సరే అంకుల్’ అని, ఆ నెల నుంచే నగదు మానేసి ఖాతాకో ఫోన్‌పేకో పంపడం మొదలుపెట్టండి. నగదే కావాలంటే డబ్బు ఇచ్చిన సాయంత్రం వాట్సాప్‌లో ‘ఈ రోజు మీ చేతికి ఏప్రిల్ అద్దె 8,000 ఇచ్చాను అంకుల్, ధన్యవాదాలు’ అని పంపండి. కాదని జవాబు రాకపోవడం కూడా ఎంతో కొంత సాక్ష్యమే. అద్దె ఇచ్చేటప్పుడు ఇంట్లో ఇంకొకరు పక్కనుండండి. అడ్వాన్సు తిరిగివ్వనంటే ముందు నింపాదిగా లెక్క రాసి, మీ దగ్గరున్న కాగితాల నకళ్లు జతచేసి స్పీడ్‌పోస్టులో పంపండి, పంపిన చీటీ దాచండి. పోలీస్ స్టేషనుకు వెళితే ఇది సివిల్ వ్యవహారమంటారు, అది నిజమే. కోర్టుల్లో ఉండే న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా, మిగతావాళ్లలో ఆదాయం తక్కువున్నవాళ్లకు వకీలు సాయం ఉచితం. కేసు వేయకముందే రెండువైపులా కూర్చోబెట్టి రాజీ చేసే ఏర్పాటూ అక్కడ ఉంది. ఫోను నంబరు 15100. రావాల్సిన డబ్బు కోసం దావా వేయడానికి మూడేళ్లు గడువు, అది దాటనివ్వకండి.

ఇన్నాళ్లూ రసీదులు తీసుకోనివాళ్లు పాతవన్నీ ఒకేసారి అడగనక్కర్లేదు. వచ్చే నెల రసీదులో ఒక్క వాక్యం ఎక్కువ రాసుకెళ్లండి. ‘ఈ నెల వరకు అద్దె బాకీ ఏమీ లేదు, అడ్వాన్సు 15,000 నా దగ్గర ఉంది.’ ఈ ఒక్క సంతకంతో మూడేళ్ల పాత లెక్క కూడా తేలిపోతుంది. ఒకే బిల్డింగులో నాలుగు పోర్షన్ల వాళ్లుంటే గుంపుగా వెళ్లకండి, ఓనరుకు అది గొడవలా కనిపిస్తుంది. అందరికన్నా ఎక్కువ కాలం నుంచి ఉన్నవాళ్లు, అద్దె ఎప్పుడూ ఆలస్యం చేయనివాళ్లు ముందు అడగండి. వాళ్లకు ఒకసారి సంతకం చేశాక మిగతావాళ్లకు కాదనలేరు.

కింద ఉన్నది కత్తిరించి వాడుకోండి. జిరాక్స్ తీసి పక్కింటివాళ్లకూ ఇవ్వండి.

అద్దె రసీదు

తేదీ: ………………

ఇంటి నంబరు, అంతస్తు, పోర్షను: ………………

అద్దెదారు పేరు: ………………

………………… నెల ………… సంవత్సరం అద్దె కింద రూ. ……………… (అక్షరాలా ……………………… రూపాయలు) నగదుగా / ఖాతాకు ముట్టింది.

ఈ నెల వరకు అద్దె బాకీ: లేదు / రూ. ………………

ఓనరు దగ్గరున్న అడ్వాన్సు: రూ. ………………

తీసుకున్నవారి పేరు: ………………  ఎవరి తరఫున: ………………

సంతకం (5,000 దాటితే రెవెన్యూ స్టాంపు మీదుగా): ………………